తేలకూడని లెక్క తేలింది: ఒక మొదటి సన్నివేశం కుదిరిన తీరు

నా నవలిక మొదటి సన్నివేశం పన్నెండు పేజీలతో పుట్టి నాలుగు పేజీల దగ్గర ఆగింది. మధ్యలో రెండు సార్లు చింపేశాను. ఒక కుర్ర గుమాస్తా చిన్న ఊరి బ్యాంకులో దొంగ లెడ్జరు కాగితం కనిపెట్టడం, అంతే సన్నివేశం. 1980లలో లెడ్జరు సీట్లో కూర్చున్నవాడిని కాబట్టి ఇది నాకు చేతికందిన పండు అనుకున్నాను. తీరా రాయబోతే తెలిసిందేమిటంటే, ఆ పని తెలిసినవాడు రాస్తే ఇంకో రకం తప్పులు దొర్లుతాయి. ఏ తప్పు ఎక్కడ చేశానో, ఎవరు పట్టుకున్నారో, చివరికి సన్నివేశం దేని మీద నిలబడిందో ఇక్కడ వరసగా చెబుతాను.

కథలో ఊరికి పేరు పెట్టలేదు. పాకాలకీ చిత్తూరుకీ మధ్య, మీటరుగేజి రైలు కూత వినబడే ఊరు. బ్యాంకుకీ పేరు లేదు. కాలం 1986 నవంబరు మొదటి వారం, ఈశాన్య రుతుపవనాల వాన. గుమాస్తా శేఖర్, వయసు ఇరవై మూడు, ఆరు నెలల ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. అతని పక్క సీటు వరదయ్య, శాఖలో అందరికంటే పాత లెడ్జరు గుమాస్తా. ఆయన స్కూటరు మీదనుంచి పడి కాలు విరగ్గొట్టుకుని పుత్తూరు కట్టు కట్టించుకుని ఇంట్లో ఉన్నాడు, ఆయన లెడ్జరు శేఖర్ చేతికొచ్చింది. మూడేళ్ళలో ఆయన సెలవు పెట్టడం అదే మొదటిసారి. ఈ ఆఖరి వాక్యాన్ని బ్యాంకు తనిఖీ చేసినవాళ్ళు ఎవరు చదివినా చెవులు నిక్కబొడుస్తారు. దొంగలెక్క రాసేవాడు సెలవు పెట్టడు, పెట్టలేడు. ఒక్కరోజు ఇంకొకడు ఆ సీట్లో కూర్చుంటే చాలు, గుట్టు బయటపడుతుంది. కానీ మామూలు పాఠకుడికి అది కష్టపడి పనిచేసే పెద్దమనిషి లక్షణంలాగే కనిపించాలి. కనిపించింది కూడా.

మొదటి ప్రతిలో శేఖర్ లెడ్జరు తెరుస్తాడు. ఒక కాగితం చూస్తాడు. రెండేళ్ళ పద్దులన్నీ ఒకే సిరాతో ఉన్నాయి. కాగితం అడుగున ప్రెస్సువాళ్ళు వేసే చిన్న అక్షరాల్లో 1986 ఫిబ్రవరిలో అచ్చయినట్టు ఉంది, మొదటి పద్దు మాత్రం 1984 నాటిది. పైగా ఆఫీసరు సెలవులో ఉన్న రోజున ఆయన పొడి సంతకం. మూడు ఆనవాళ్ళూ ఒకే పేజీలో. శేఖర్ గుండె ఝల్లుమంటుంది, ‘ఇది నకిలీ!’ అనుకుంటాడు.

తనిఖీ విభాగంలో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరైన మిత్రుడొకాయన తిరుపతిలో మా వీధిలోనే ఉంటాడు. ఆయనకిచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, ‘వీడు బ్యాంకులో చేరి ఎన్నాళ్ళయింది?’ అన్నాడు. ఐదు నెలలు అన్నాను. ‘ప్రెస్సులైను చూడాలని నాకు తెలిసేటప్పటికి పద్దెనిమిదేళ్ళయింది సామీ. వీడేమో కాగితం తీస్తానే చూసేసినాడు’ అన్నాడు. ఆ తర్వాత అన్నదే అసలు మాట: ‘అయినా వాడు ఆ కాగితాన్నే ఎందుకు తీసినాడు? రెండు వందల కాగితాలుండాయి కదా.’

ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నేరం ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి గుమాస్తాను చేయి పట్టుకుని అక్కడికే తీసుకుపోయాను. నిజంగా ఆ సీట్లో ఉన్న కుర్రాడికి లెడ్జరు అనుమానించవలసిన వస్తువు కాదు. రోజూ వంద వోచర్లు అందులో ఎక్కించాలి, పక్కన ఆఫీసరు పొడి సంతకం పెడతాడు, సాయంత్రానికి మూసి తాళం వేస్తారు. దాని మీద అనుమానం రావాలంటే ముందు తన మీద తనకు అనుమానం రావాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాడి మొదటి భయం ‘ఎవరో దొంగతనం చేశారు’ అని కాదు, ‘నేనెక్కడో తప్పు రాశాను’ అని. సన్నివేశానికి తలుపు అక్కడ దొరికింది: నెలాఖరు బ్యాలెన్సింగ్.

రెండో ప్రతి బ్యాలెన్సింగ్‌తో మొదలైంది. అదీ పాడైంది, ఈసారి వేరే రోగంతో. సేవింగ్స్ లెడ్జర్లు ఎన్ని, ఒక్కోదాంట్లో ఎన్ని ఖాతాలు, డే బుక్ అంటే ఏమిటి, జనరల్ లెడ్జరు ఎవరు రాస్తారు, ఇవన్నీ రెండున్నర పేజీలు చెప్పాను. తిరుపతిలో ఎం.కాం. చదువుతున్న మా తమ్ముడి కూతురికిచ్చాను. ఆ పిల్ల పుట్టేటప్పటికే బ్యాంకుల్లో కంప్యూటర్లు వచ్చేశాయి. ‘పెదనాయనా, ఇదంతా సరే, తేలడం అంటే ఏంది?’ అని అడిగింది. రెండున్నర పేజీలు రాసి చెప్పవలసిన ఒక్క ముక్కా చెప్పలేదన్నమాట.

ఆ పిల్లకు నోటితో చెప్పిందే తర్వాత కథలో పెట్టుకున్నాను. లెడ్జరులో రెండు వందల పద్నాలుగు మంది ఖాతాలున్నాయి. నెలాఖరున ఒక్కొక్కరి నిలవా బ్యాలెన్సింగ్ పుస్తకంలో ఆ నెల గడిలో వరసగా దించి కూడాలి. అవతల జనరల్ లెడ్జరులో ఆ రెండు వందల పద్నాలుగు మందికీ కలిపి ఒకే అంకె ఉంటుంది, అది రోజువారీ మొత్తాలతో వేరే చేతిలో పెరుగుతూ తరుగుతూ వస్తుంది. రెండూ ఒకటైతే లెక్క తేలినట్టు. కాకపోతే తేలేదాకా ఇంటికి పోవడానికి లేదు. ఇంతకు మించి పాఠకుడికి అక్కర్లేదు. సన్నివేశంలో ఇంకెక్కడా ‘ఎలా పనిచేస్తుంది’ అన్న మాట రాకూడదని గీత గీసుకున్నాను.

ఇప్పుడు దొంగతనం. దీన్ని కథకంటే ముందు విడిగా, ఖాతా రాసినట్టు రాసుకోవాల్సి వచ్చింది. వరదయ్య ఏం చేశాడో పైసలతో సహా నాకు తెలియకపోతే శేఖర్‌కు ఏది కనబడుతుందో నేను చెప్పలేను.

లెడ్జరులో నూట పద్దెనిమిదో కాగితం, అంటే ఫోలియో నూట పద్దెనిమిది, రాజేశ్వరమ్మ టీచరుది. రిటైరయ్యారు, ఊరికి దూరంగా కూతురి దగ్గర ఉంటారు, ఆరు నెలలకో సారి వస్తారు. నిలవ 6,140 రూపాయలు. ఆగస్టు 18న ఆవిడ పేరు మీద విత్‌డ్రాయల్ ఫారం రాసి, సంతకం దిద్ది, 4,500 తీశాడు వరదయ్య. ఫారంతో పాసుబుక్కు జతపరచాలి. ‘టీచరమ్మ రిక్షాలో కూర్చోనుండాది సార్, మోకాళ్ళ నొప్పులు’ అన్నాడు. ఆఫీసరు పాస్ చేశాడు. లెడ్జరులో ఖర్చు పద్దు పడింది, నిలవ 1,640. ఇంతవరకూ పుస్తకాలన్నీ నిజమే చెబుతున్నాయి, సంతకం ఒక్కటే అబద్ధం. ఆగస్టు లెక్క తేలింది.

సెప్టెంబరులో టీచరమ్మ అనుకోకుండా వచ్చి పాసుబుక్కు రాయించుకుంటానని కౌంటరు మీద పెడతారు. పాసుబుక్కులో 6,140 ఉంది. పాసుబుక్కు రాసేదీ వరదయ్యే. 6,140 అనే ఉంచి పంపించాడు, కానీ లెడ్జరులో 1,640 ఉంది. రేపు ఇంకెవరి చేతికైనా ఆ పాసుబుక్కు వెళితే? అందుకని లెడ్జరు కాగితమే మార్చేశాడు. విడికాగితాల లెడ్జరు అది, కమ్మీలు బిగించి తాళం వేసేది. 4,500 పద్దు లేకుండా రెండేళ్ళ పద్దులు కొత్త కాగితం మీద తిరగరాసి, పాతది లాగేసి, ఇది దూర్చాడు. ఇప్పుడు టీచరమ్మ పాసుబుక్కూ లెడ్జరూ ఒకటే చెబుతున్నాయి. కానీ లెడ్జరు మొత్తం జనరల్ లెడ్జరు కంటే 4,500 ఎక్కువైంది. దానికి మందు బ్యాలెన్సింగ్ పుస్తకంలో వేశాడు. సెప్టెంబరు గడిలో 6,140 దించకుండా 1,640 రాశాడు. లెక్క తేలింది.

ఇక్కడ నేను పెద్ద తప్పు చేసి ఉన్నాను. మొదట దొంగతనం మార్చి 20న పెట్టాను. తనిఖీ మిత్రుడు ఒకే మాట అడిగాడు: ‘జూన్ వడ్డీ ఏమైంది?’

ఆ రోజుల్లో సేవింగ్స్ వడ్డీ ఏటా ఐదు శాతం, జూన్‌లోనూ డిసెంబరులోనూ వేసేవాళ్ళు. ప్రతి నెలా పదో తేదీ నుంచి ఆఖరి తేదీ దాకా ఉన్న నిలవల్లో అతి తక్కువ దాని మీదే వడ్డీ. 2010 ఏప్రిల్ నుంచి రోజువారీ నిలవ మీద లెక్కించే పద్ధతి వచ్చాక ఈ పదో తేదీ గోల పోయింది గానీ, అప్పట్లో పదో తేదీలోపు డబ్బు కట్టాలని ఊళ్ళో అందరికీ తెలుసు. మార్చి 20న తీస్తే మార్చి, ఏప్రిల్, మే, జూన్ నాలుగు నెలలూ 4,500 మీద వడ్డీ పడదు. నాలుగు నెలలకు అది సరిగ్గా 75 రూపాయలు. జూన్ 30న బ్యాంకు అసలు పుస్తకాల్లో ఆ 75 తక్కువ వడ్డీయే జమైంది. కాగితం మార్చేటప్పుడు వరదయ్య పాసుబుక్కుకు సరిపడా పూర్తి వడ్డీ చూపించాలి. అప్పుడు తేడా 4,500 కాదు, 4,575 అవుతుంది. నా సన్నివేశం మొత్తం నిలబడింది 4,500 అనే అంకె మీద. అది కాస్తా కూలిపోయింది.

అందుకే దొంగతనాన్ని జూన్ దాటించి ఆగస్టుకు తెచ్చాను, కాగితం మార్చడం డిసెంబరుకు ముందే జరిగేటట్టు పెట్టాను. అప్పుడిక మధ్యలో వడ్డీ పద్దు అడ్డురాదు. నవలలో ఎవరూ అడగని విషయమే. కానీ ఒక్కడు అడిగితే చాలు, తర్వాత నేను రాసే ఏ అంకెనూ నమ్మడు.

4,500 మీద అంత పట్టుదల ఎందుకో చెప్పాలి. లెక్క తేలనప్పుడు పాత గుమాస్తాలు ముందుగా చూసేవి రెండు. తేడాలో సగం ఎక్కడైనా ఉందా అన్నది ఒకటి. జమ వైపు పడాల్సింది ఖర్చు వైపు పడితే తేడా రెట్టింపవుతుంది కాబట్టి. రెండోది, తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతుందా అన్నది. పోతే పక్కపక్క అంకెలు తారుమారై ఉండవచ్చు. 72ను 27 అని రాస్తే తేడా 45, తొమ్మిదైదులు. 4,500 అయితే వేల స్థానం, వందల స్థానం మారి ఉండాలి, ఆ రెండు అంకెల మధ్య తేడా ఐదుండాలి. అంటే వెతకాల్సిన జతలు ఐదే: సున్నా ఐదు, ఒకటి ఆరు, రెండు ఏడు, మూడు ఎనిమిది, నాలుగు తొమ్మిది.

వరదయ్యకు ఇది తెలుసు. 6,140 నుంచి ఐదువేలు తీయగలిగీ 4,500 మాత్రమే తీశాడు. నిలవ 1,640 అవుతుందని, ఎవరైనా ఎప్పుడైనా పట్టుకుంటే ‘అయ్యో, అంకెలు తిరగేసి రాసినా సార్, కళ్ళు మసకలు’ అనవచ్చని. దీన్ని మొదటి సన్నివేశంలో చెప్పలేదు. మూడో అధ్యాయం దాకా దాచాను. ఇంకొకటి కూడా చేశాను: తొమ్మిది కిటుకు శేఖర్‌కు నేర్పింది వరదయ్యే. ఇది కొంచెం కథల్లో కుదిరే కుదురు అని నాకూ అనిపించింది, కానీ ఆ రోజుల్లో సీటు పని ఎవరైనా సీనియర్ దగ్గరే నేర్చుకునేవాళ్ళం, శిక్షణ కాలేజీలో కాదు. కాబట్టి ఉంచాను.

మూడో ప్రతిలో నిలిచిన భాగం ఇది.

*

ఆరున్నరకు కరెంటు పోయింది. మెసెంజరు పెట్రోమాక్స్ తెచ్చి లెడ్జర్ల మధ్య పెట్టి, ‘ఇంకా తేల్లేదా నాయనా’ అని జాలిగా చూసి పోయాడు.

తేల్లేదు. లెడ్జరు నాలుగు మొత్తం మూడు లక్షల తొంభైవేల ఏడువందల పదిహేను. జనరల్ లెడ్జరులో మూడు లక్షల ఎనభైయారువేల రెండువందల పదిహేను. పైసలు తేలాయి. పదులు, ఒకట్లు తేలాయి. నాలుగువేల ఐదువందలు ఎక్కువ.

శేఖర్ మూడుసార్లు కూడాడు. సగం చూశాడు, రెండువేల రెండువందల యాభై ఏ వోచరులోనూ లేదు. తొమ్మిదితో భాగించాడు. ఐదువందలు. ప్రాణం లేచి వచ్చింది. వరదయ్య సార్ చెప్పింది గుర్తొచ్చింది: ‘తొమ్మిదితో పోయిందంటే దొంగ దొరికినట్టే అబ్బయ్యా. ఆ దొంగ నీ పెన్నే.’

తన పెన్ను ఎక్కడ తిరగబడిందో వెతకడం మొదలుపెట్టాడు. పదహారు, అరవై ఒకటి. ఇరవై ఏడు, డెబ్బై రెండు. వేలితో ఒక్కో వరసా దిగుతూ, అలాంటి అంకె కనబడ్డ చోటల్లా లెడ్జరు తీసి చూశాడు. నలభై రెండో ఫోలియో సరిపోయింది. తొంభై మూడు సరిపోయింది. నూట పద్దెనిమిది, రాజేశ్వరమ్మ, ఆరువేల నూట నలభై. లెడ్జరులోనూ ఆరువేల నూట నలభైయే. సరిపోయింది.

వేలు కిందికి జారబోతూ పక్క గడి మీద ఆగింది. సెప్టెంబరు. వరదయ్య సార్ గుండ్రటి అక్షరాలు. వెయ్యిన్నీ ఆరువందల నలభై.

ఒకటి ఆరు. ఆరు ఒకటి.

శేఖర్ నవ్వాడు. ఒక్కడే, పెద్దగా. తప్పు తనది కాదు. సారే తిరగేసి రాశాడు, కాలు విరక్కముందే. అక్టోబరులో ఈ ఖాతాకు పద్దే లేదు, లెడ్జరు చూస్తే తెలుస్తూనే ఉంది. రేపు సార్ ఇంటికి కమలాలు తీసుకుపోయి చెప్పాలి, ‘సార్, మీ పెన్ను కూడా దొంగే’ అని. పెన్సిలుతో ఆ గడి చుట్టూ చిన్న సున్న చుట్టాడు. టోటలు సరిదిద్దడానికి సెప్టెంబరు పేజీ అడుక్కి వచ్చాడు.

అడుగున ఎర్ర సిరాతో ‘టాలీడ్’ అని ఉంది. తారీఖు. ఆఫీసరు పొడి సంతకం.

పెన్సిలు ఆగింది.

సార్ తప్పు రాసి ఉంటే సెప్టెంబరు నాలుగువేల ఐదువందలు తక్కువ రావాలి. తేలకూడదు. తేలింది.

మళ్ళీ కూడాడు. సెప్టెంబరు గడి మొత్తం, రెండువందల పద్నాలుగు అంకెలు, పెట్రోమాక్స్ సొద వింటూ. తేలింది. ఆగస్టు గడి చూశాడు. వెయ్యిన్నీ ఆరువందల నలభై. జూలై. ఆరువేల నూట నలభై.

ఆగస్టులో డబ్బు తీసినట్టు పుస్తకం చెబుతోంది. లెడ్జరులో ఆగస్టు లేనే లేదు.

నూట పద్దెనిమిదో కాగితాన్ని దీపానికి దగ్గరగా వంచాడు. ముందు కాగితం మూల నల్లగా, మెత్తగా, చెవిలా మడిచి ఉంది. వెనక కాగితం మూల కూడా అంతే. రెండేళ్ళుగా బొటనవేలు తడి చేసుకుని అందరూ తిప్పిన మూలలు. దీని మూల తెల్లగా, చేతికి గుచ్చుకునేంత పదునుగా ఉంది.

‘తేలిందా శేఖరూ?’

ఆఫీసరు గొడుగు చేతిలో పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాడు. రెండో చేతిలో లెడ్జరు తాళాల గుత్తి.

శేఖర్ పెన్సిలు సున్న మీద అరచెయ్యి పెట్టాడు.

‘ఇంకా లేదు సార్.’

*

ఇందులో నాకు ముఖ్యమైనది ఆ నవ్వు. మొదటి రెండు ప్రతుల్లోనూ శేఖర్ అనుమానం నుంచి భయానికి నేరుగా పోయేవాడు. ఇక్కడ భయం నుంచి ఊరటకు పోయి, ఊరటనుంచి కిందికి పడతాడు. పడేసేది దొంగ కాగితం కూడా కాదు, ‘టాలీడ్’ అన్న మాట. లెక్క తేలలేదంటే గుమాస్తా బాధపడతాడు, అది మామూలే. లెక్క తేలినందుకు గుమాస్తా భయపడటం ఈ ఒక్క చోటే జరుగుతుంది. ఆ ఒక్క క్షణం కోసమే బ్యాలెన్సింగ్ అంటే ఏమిటో పాఠకుడికి ముందుగా ఒక్క వాక్యంలో తెలియాలి. రెండున్నర పేజీల్లో తెలిస్తే ఆ క్షణం చచ్చిపోతుంది.

మూడు ఆనవాళ్ళలో రెండు తీసేశాను. ప్రెస్సులైను రెండో అధ్యాయంలో తనిఖీకి వచ్చే పెద్దమనిషి చూస్తాడు, అది ఆయన చూడవలసినదే. ఒకే సిరా అన్నది పూర్తిగా వదిలేశాను, ఎందుకంటే వరదయ్య లాంటివాడు ఆ తప్పు చేయడు, రెండు మూడు పెన్నులు మార్చి రాస్తాడు. మూల మాత్రం మార్చలేడు. సిరా మార్చవచ్చు, చేతిరాత దిద్దవచ్చు, రెండేళ్ళ చెమట ఒక్క రాత్రిలో పుట్టించలేడు. నా చేతుల్లో తిరిగిన లెడ్జర్లలో నాకు బాగా గుర్తున్నది కూడా అదే, ఆ మూలల మెత్తదనం. కొందరు సీనియర్లు మూలకు సాంబ్రాణి మరక కూడా పట్టించేవాళ్ళు, శుక్రవారం పూజ చేసి.

ఆఫీసరు పొడి సంతకాన్ని సన్నివేశంలో పెట్టాను, కానీ దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. కొత్త కాగితం స్టాకులోంచి బయటికి రావాలంటే, లెడ్జరులో దూరాలంటే తాళం కావాలి. తాళం ఆఫీసరు దగ్గరే ఉంటుంది. ఆయన కలిసి చేశాడా, తాళం టేబుల్ మీద వదిలి కాఫీకి పోయేవాడా? ఇది శేఖర్‌కు తెలియదు. అందుకే అబద్ధం చెప్పాడు. కొంతమంది పాఠకులు ‘కుర్రాడు ఆఫీసరుకు ఎందుకు చెప్పలేదు, పిరికివాడా’ అన్నారు. గుత్తి చూడలేదన్నమాట. దాన్ని ఇంకాస్త గట్టిగా గలగలలాడిద్దామా అనుకుని మానుకున్నాను.

ఇక చట్టం సంగతి. తప్పుడు లెక్కలు రాయడానికి అప్పటి శిక్షాస్మృతిలో 477ఏ సెక్షను ఉండేది, ఏడేళ్ళ దాకా జైలు. ఒక ప్రతిలో శేఖర్ ఆ సెక్షను తలచుకుంటాడు. నవ్వొచ్చి కొట్టేశాను. ఐదు నెలల గుమాస్తాకు సెక్షన్లు తెలియవు. కానీ దాని వెనక ఉన్న ఇంకో విషయం వదల్లేకపోయాను. 1891 నాటి బ్యాంకర్ల పుస్తకాల సాక్ష్య చట్టం ప్రకారం లెడ్జరు పద్దుకు ధ్రువీకరించిన నకలు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. అంటే రేపు టీచరమ్మ కోర్టుకెక్కినా, బ్యాంకు కోర్టుకెక్కినా జడ్జి ముందుకు ఆ పదును మూల కాగితం నకలు ఒక్కటే వెళ్ళవచ్చు. నకలుకు మూల కనబడదు. దీన్ని నాలుగో అధ్యాయంలో ప్లీడరు నోట పెట్టాను.

తనిఖీ మిత్రుడికి ఈ ప్రతి ఇచ్చినప్పుడు బాగుందన్నాడు, ఒక్క అభ్యంతరంతో. ‘తేడా వస్తే మేమైతే పోయిన నెల గడీ ఈ నెల గడీ పక్కపక్కన పెట్టి చూస్తాం. పది నిమిషాల్లో దొరికిపోతుంది. వీడు రెండు గంటలు ఎందుకు కూర్చున్నాడు?’ నేను చెప్పింది, తేలిన నెల జోలికి ఎవరూ పోరని. ‘టాలీడ్’ అని ఎర్ర సిరాతో రాశాక ఆ గడి శిలాశాసనం, తప్పంతా కొత్త గడిలోనే ఉంటుందని కుర్రాడు నమ్ముతాడు. ఆయన ఒప్పుకోలేదు. ‘నువ్వు నమ్మేవాడివేమో. నేను నమ్మేవాణ్ణి కాదు’ అన్నాడు. ఇది ఇప్పటికీ తెగలేదు. సన్నివేశాన్ని మార్చలేదు.

తర్వాతి సన్నివేశం ఎక్కడో ఆయనే చెప్పాడు. లెడ్జరులోంచి పద్దు తీసేయవచ్చు, కానీ ఆగస్టులో డబ్బు చెల్లించిన ఫారం రికార్డు గదిలో ఏదో ఒక రోజు వోచర్ల కట్టలో ఉండాలి. ఏ రోజో శేఖర్‌కు తెలియదు. 1986 ఆగస్టులో ఆదివారాలు ఐదు, పదిహేనో తేదీ సెలవు, కట్టలు పాతికకు మించవు. ప్రతి కట్ట అట్ట మీదా ఆ రోజు వోచర్లెన్నో రాసి సంతకం చేసి ఉంటుంది. ఫారం దొరికితే దిద్దిన సంతకం దొరుకుతుంది. ఫారం లేకపోతే అట్ట మీది సంఖ్యకూ లోపలి కాగితాలకూ ఒకటి తేడా వస్తుంది. ఎటు పోయినా శేఖర్‌కు ఏదో ఒకటి చిక్కుతుంది. పద్దెనిమిదో తారీఖు కట్టలో ఫారం ఉండాలా వద్దా అన్నది నేనింకా నిర్ణయించుకోలేదు. ఎలకలు కొట్టేసి ఉంటే బాగుంటుందని మా తమ్ముడి కూతురు అంటోంది.